దుప్పటి కప్పిన కుర్చీ

సత్తెనపల్లిలో మా చెల్లి పెట్టిన పళ్ళ క్లినిక్‌లో రెండు కుర్చీలున్నాయి. రెండోదాని మీద పద్నాలుగు నెలలపాటు ఒక తెల్ల దుప్పటి కప్పి ఉండేది. అది కొనమన్నది నేనే. ఎప్పుడు ఊరికెళ్ళినా క్లినిక్ గుమ్మంలో నిలబడి ముందు ఆ దుప్పటి వంకే చూసేవాణ్ణి. చెల్లి ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇబ్బంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఖాళీ దొరికితే చదివిన పుస్తకాల గురించి రాస్తుంటాను తప్ప, డబ్బు లెక్కల గురించి ఇంతవరకూ ఏమీ రాయలేదు. కానీ మొన్నామధ్య ఇంజనీరింగ్ రోజుల్లో చదివిన ఎ.జె. క్రోనిన్ నవల ‘ది సిటడెల్’ మళ్ళీ తీశాను. 1937లో వచ్చింది. గని కార్మికుల ఊళ్ళలో పనిచేసిన యువ డాక్టరు లండన్ వచ్చి ఒక పాత ప్రాక్టీసు కొనుక్కుంటాడు. మొదట్లో చేతిలో డబ్బాడక, మెల్లగా డబ్బున్న రోగుల చుట్టూ తిరగడం మొదలెడతాడు. ఇరవై ఏళ్ళ వయసులో దాన్ని ఒక ఆదర్శం పతనమైన కథగా చదివాను. ఈసారి చదువుతుంటే నా దృష్టంతా అతని చేతికొస్తున్న ఫీజు మీదా, ఖర్చు మీదా ఉంది. మన కథల్లో డాక్టరు అయితే దేవుడు, లేకపోతే దొంగ. నెల ఐదో తారీఖున వాయిదా కట్టాల్సిన మనిషిగా డాక్టర్ని నేను పెద్దగా చూడలేదు. అందుకని ఇది.

చెల్లి ఎండీఎస్ చేసింది. పంటి నరానికి సంబంధించిన వైద్యం, అంటే రూట్ కెనాల్, ఆమె ప్రత్యేకత. నాలుగేళ్ళు గుంటూరులో వేరేవాళ్ళ క్లినిక్‌లలో పనిచేసింది. 2023 మొదట్లో సొంతంగా పెట్టుకుంటానంది. బావగారు ప్రభుత్వ పాఠశాలలో టీచరు, కాబట్టి ఇల్లు ఆయన జీతంతో గడిచిపోతుంది. ఇద్దరూ కూడబెట్టినది సుమారు 10 లక్షలుంది. మిగతాది బ్యాంకు అప్పు. “అన్నయ్యా, నువ్వు లెక్కలు చూసిపెట్టు” అంది. నేను ఉత్సాహంగా ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

డీలరు ఇచ్చిన కొటేషన్ 15 లక్షలకు వచ్చింది. రెండు కుర్చీలు, గాలి కోసం కంప్రెసర్, ఉమ్మి లాగే సక్షన్, ఎక్స్‌రే యూనిట్, దాని బొమ్మని కంప్యూటర్లో చూపించే సెన్సరు, పనిముట్లు శుభ్రం చేసే ఆటోక్లేవ్, రూట్ కెనాల్ చేసే మోటారు, ఇంకా చిన్నాచితకా. అందులో రెండో కుర్చీ ధర 2 లక్షల 60 వేలు. చెల్లికి అది ఇప్పుడే అవసరమా అని అనుమానం. నేను మా ఆఫీసు భాషలో ఆలోచించాను: రేపు రద్దీ పెరిగితే సామర్థ్యం ముందే ఉండాలి కదా, రెండూ కలిపి కొంటే డిస్కౌంటు కూడా ఇస్తానంటున్నాడు కదా అని. పైగా పళ్ళ కుర్చీ అంటే మామూలు కుర్చీ కాదు. నీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు, గాలి పైపు, కరెంటు తీగ, అన్నీ నేల కిందనుంచి రావాలి. తర్వాత పెట్టాలంటే టైల్స్ పగలగొట్టాలి. ఇది నిజమే. కానీ ఆ నిజానికి సరైన జవాబు వేరే ఉందని అప్పుడు నాకు తట్టలేదు. పైపులు రెండు కుర్చీలకీ వేయించి, కుర్చీ మాత్రం ఒకటే కొనాలి. పైపులకయ్యేది కొన్ని వేలు. ఈ విషయం తర్వాత నర్సరావుపేటలో పదేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక డాక్టరుగారు, పొద్దున లేస్తే పళ్ళు తోముకోవాలి అన్నంత మామూలుగా చెప్పారు.

బ్యాంకు మెషీన్ల ధరలో 80 శాతం, అంటే 12 లక్షలు ఇచ్చింది. వడ్డీ 11.5 శాతం. మిగిలిన 3 లక్షలు మార్జిన్, మనం పెట్టుకోవాలి. ఇక్కడొక సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఇలాంటి అప్పులో డబ్బు మన చేతికి రాదు. కొటేషన్ ప్రకారం నేరుగా డీలరు ఖాతాకి పోతుంది. మెషీన్లకి అప్పు దొరుకుతుంది కానీ, క్లినిక్ నిండేదాకా అద్దెకీ జీతాలకీ దొరకదు. దానికోసం ఓవర్‌డ్రాఫ్ట్ అడిగితే, రెండేళ్ళ ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు చూపించి అప్పుడు రమ్మన్నారు. అంటే కొత్తగా పెట్టేవాళ్ళ దగ్గరున్న సొంత డబ్బుకి, అప్పు పూడ్చలేని ఖాళీలన్నీ పూడ్చడమే పని. మేం ఆ సొంత డబ్బునే ముందు ఖర్చుపెట్టేశాం. మార్జిన్ 3 లక్షలు పోగా, లోపలి పనికి 4 లక్షల 60 వేలయ్యింది. ఇంటాయనకి ఆరు నెలల అద్దె అడ్వాన్సు 84 వేలు. మందులు, సామగ్రి, జిల్లా వైద్యాధికారి దగ్గరా కాలుష్య నియంత్రణ మండలి దగ్గరా ఎక్స్‌రేకి అణుశక్తి నియంత్రణ మండలి దగ్గరా రిజిస్ట్రేషన్లు, వీటన్నిటికీ ఇంకో 50 వేలు. డీలరు మాటల్లో మాటగా “జీఎస్టీ తిరిగొచ్చేస్తుంది మేడమ్” అన్నాడు. రాదు. వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి డాక్టరు రోగి దగ్గర పన్ను వసూలు చేయరు. వసూలు చేయనప్పుడు, మెషీన్ మీద కట్టిన పన్నుని దేనిలోంచీ తగ్గించుకోలేరు. అది పూర్తిగా ఖర్చే.

అప్పు షరతుల్లో మాకు బాగా నచ్చింది ఆరు నెలల మొరటోరియం. ఆ ఆరు నెలలూ అసలు కట్టక్కర్లేదు, నెలకి వడ్డీ 11,500 మాత్రం కడితే చాలు. తర్వాత అరవై నెలలు, నెలకి సుమారు 26,400. క్లినిక్ నిలదొక్కుకోడానికి ఆరు నెలలు చాలదా అనుకున్నాం.

జూన్ మొదటి వారంలో బ్యాంకు డీలరుకి డబ్బు పంపింది. మొరటోరియం గడియారం ఆ రోజు నుంచే తిరగడం మొదలైంది. క్లినిక్ తెరిచిన రోజు నుంచి కాదు. శాంక్షన్ లెటర్‌లో స్పష్టంగా రాసే ఉంది, మేమే పట్టించుకోలేదు. జూన్‌లో కార్పెంటర్ పని పూర్తికాలేదు. అది పూర్తయ్యేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢం వెళ్తే శ్రావణం కదా అనుకుంటే, 2023లో అధిక శ్రావణం. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. అమ్మ ససేమిరా అంది. నాకు వీటి మీద నమ్మకం లేకపోయినా, అమ్మతో వాదించే ధైర్యమూ లేదు. నిజ శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం వెళ్ళాక, ఆగస్టు చివరి వారంలో తెరిచాం. అప్పటికి రెండు నెలల వడ్డీ 23 వేలూ, మూడు నెలల అద్దె 42 వేలూ కట్టేసింది. ఆరు నెలల వెసులుబాటులో దాదాపు మూడు నెలలు, కవర్లు తీయని కుర్చీలు కాపలా కాయడానికే సరిపోయాయి. బ్యాంకు కంప్యూటరుకి అధికమాసం తెలియదు. రిబ్బన్ కత్తిరించిన రోజు ఖాతాలో 40 వేలున్నాయి.

ఇప్పుడు నా స్ప్రెడ్‌షీట్ సంగతి. అద్దె 14 వేలు, అసిస్టెంటుకీ రిసెప్షన్ అమ్మాయికీ కలిపి 19 వేలు, కరెంటూ చెత్త తీసుకెళ్ళే కంపెనీ ఒప్పందమూ మిగతావీ 8 వేలు. అంటే ఒక్క రోగి రాకపోయినా నెలకి 41 వేలు. వచ్చిన ఫీజులో పావు వంతు మందులకీ ల్యాబుకీ పోతుంది. ల్యాబంటే పంటి తొడుగులు, అదే క్యాపులు, తయారుచేసేవాళ్ళు. మొదటి నెల 50 వేలు వస్తుందనీ, ఆపైన నెలకి పదివేల చొప్పున పెరుగుతుందనీ వేశాను. అలా వేస్తే సెప్టెంబరులో 15 వేలు లోటు, అక్టోబరులో ఏడున్నర వేలు లోటు, నవంబరులో సరికి సరి, డిసెంబరు నుంచి మిగులు. మొత్తం లోటు ఎప్పుడూ 22,500 దాటదు. చేతిలో 40 వేలున్నాయి. గీత కూడా అందంగా పైకి వెళ్తోంది. ఆకుపచ్చ రంగు కూడా వేశాను.

నిజంగా వచ్చినవి ఇవి: సెప్టెంబరు 38 వేలు, అక్టోబరు 61, నవంబరు 72, డిసెంబరు 44, జనవరి లక్షా 8 వేలు, ఫిబ్రవరి 66. ఆరు నెలలూ కలిపితే 3 లక్షల 89 వేలు. నేను వేసింది 4 లక్షల 50 వేలు. మొత్తంగా చూస్తే మరీ పెద్ద తప్పేం కాదు, ఒక కొత్త వ్యాపారం విషయంలో ఇంత దగ్గరగా ఊహించానంటే నన్ను నేనే మెచ్చుకోవచ్చు. తప్పు మొత్తంలో లేదు, వరసలో ఉంది. పైకి ఎక్కే మెట్లు నేను గీశాను. వచ్చినవి గతుకులు. బ్యాంకు వాయిదా సగటులోంచి కట్టించుకోదు, ఆ రోజు ఖాతాలో ఉన్నదాంట్లోంచి కట్టించుకుంటుంది.

గతుకులకి కారణం ఊళ్ళో ఉంది, నా ల్యాప్‌టాప్‌లో లేదు. సత్తెనపల్లి చుట్టూ పత్తి, మిరప. ఆగస్టు, సెప్టెంబరుల్లో డబ్బంతా విత్తనాలకీ ఎరువులకీ మందులకీ వెళ్తుంది. ఆ సమయంలో పన్ను నొప్పి వస్తే లవంగ నూనె రాసుకుంటారు, లేదా మందుల షాపులో బిళ్ళ అడిగి వేసుకుంటారు. పత్తి డబ్బు చలికాలంలో వస్తుంది, మిరప డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మేం సరిగ్గా జేబులు ఖాళీగా ఉండే కాలంలో తెరిచాం. ఆ ఏడు సాగర్‌లో నీళ్ళూ అంతంతమాత్రమే. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వారం రోజులు క్లినిక్‌కి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత కూడా తడిసిన పత్తి చూసుకుంటున్నవాళ్ళు పంటి సంగతి చూసుకోరు. నా లెక్కలో ఒక్కో రోగీ విడివిడిగా, ఎవరి కారణంతో వాళ్ళు వస్తారని అనుకున్నాను. కానీ వాళ్ళందరి మీదా కురిసేది ఒకటే వాన. తగ్గితే అందరూ కలిసే తగ్గుతారు.

డిసెంబరు చివరికి లెక్క చూస్తే, 40 వేలూ అయిపోయి, ఇంకో 8,750 లోటు. ల్యాబుకి ఇవ్వాల్సిన 18 వేలు ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఖాతాలో 9 వేల చిల్లర కనబడుతోంది. జనవరి 5న మొదటి పూర్తి వాయిదా, 26,400. సంక్రాంతి జనం రావడానికి ఇంకా వారం పైనే ఉంది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. “ఎలా ఉంది?” అంటే “బానే ఉందన్నయ్యా” అనేది.

ఫిబ్రవరిలో ఊరికెళ్ళినప్పుడు ఆమె చేతులకి గాజులు లేవు. పని చేసేటప్పుడు గ్లవ్స్‌కి అడ్డమని తీసేశానంది. అది ఎప్పుడూ ఉన్న అడ్డమే. రెండోసారి అడిగితే చెప్పింది: జనవరి 4న బ్యాంకులో పెట్టి 60 వేలు తెచ్చింది. బావగారికి తెలుసు, నాకూ నాన్నకీ చెప్పొద్దంది. వాయిదా తప్పితే చెక్కు తిరిగొచ్చినట్టే. ఛార్జీ చిన్నదే కానీ క్రెడిట్ రిపోర్టులో పడుతుంది. మొదటి వాయిదాకే పడితే, రెండేళ్ళ తర్వాత ఓవర్‌డ్రాఫ్ట్ అడిగినప్పుడు ముందు అదే కనబడుతుంది. కాబట్టి ఆమె చేసింది తెలివైన పనే. నా లెక్కలో ఆ గాజుల గడి లేదు, అంతే.

ఆ రాత్రి కూర్చుని రెండో కుర్చీ లేకుండా లెక్క మళ్ళీ వేశాను. మార్జిన్ కింద పెట్టిన 52 వేలు చేతిలో మిగిలేవి. అప్పు 2 లక్షల 8 వేలు తగ్గి, మొరటోరియంలో నెలకి దాదాపు 2 వేలు, ఆ తర్వాత నాలుగున్నర వేలు తక్కువ కట్టేది. జనవరి 5 మామూలు శుక్రవారంలా గడిచిపోయేది.

కానీ గాజులకంటే నన్ను ఎక్కువ కుదిపింది వేరే సంగతి. జనవరి 4నే, బ్యాంకుకి వెళ్ళే ముందు, ఒకావిడ వచ్చిందట. పై దవడలో పిప్పి పన్ను. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోందని. ఎక్స్‌రే తీస్తే పుచ్చు నరానికి చాలా దగ్గరదాకా వెళ్ళింది. ఇలాంటి పంటికి రెండు దారులుంటాయి. నరం ఇంకా బతికి ఉందనుకుంటే పుచ్చు తీసి, అడుగున కాల్షియం హైడ్రాక్సైడ్ పూత పెట్టి ఫిల్లింగ్ చేసి చూడొచ్చు. చెల్లి దగ్గర అది 1,000 రూపాయలు. నరం కోలుకోలేదనుకుంటే రూట్ కెనాల్, పైన క్యాపు. 3,500, ఇంకో 3,000. ఏది చెయ్యాలో చూడ్డానికి పంటి మీద చల్లటిది పెట్టి పరీక్షిస్తారు. చల్లదనం తీయగానే నొప్పి పోతే నరానికి అవకాశం ఉంది. తీశాక కూడా లాగుతూనే ఉంటే అవకాశం లేదు. ఆవిడకి నొప్పి కొన్ని క్షణాలు ఆగి పోయింది. వెంటనే పోలేదు, అలా అని లాగలేదు. సరిగ్గా మధ్యలో.

“అన్నయ్యా, ఆ ఎక్స్‌రే రెండుసార్లు చూశాను. మొదటిసారి ఆవిడ పన్ను చూశాను. రెండోసారి ఐదో తారీఖు చూశాను. రూట్ కెనాల్ అని చెప్పినా ఏ డాక్టరూ తప్పనడు. అదే భయమేసింది. తప్పు కాని చోట కూడా నా చెయ్యి ఎటు లాగుతోందో తెలిసింది.”

ఫిల్లింగే చేసి, నొప్పి వస్తే వెంటనే రమ్మని చెప్పి పంపింది. ఆవిడ వెళ్ళాక గాజులు తీసి బ్యాంకుకి వెళ్ళింది. ఆవిడ మళ్ళీ రాలేదు. పన్ను బాగుండి రాలేదో, నొప్పొచ్చి ఇంకో క్లినిక్‌కి వెళ్ళిందో చెల్లికి తెలియదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆవిడ సంగతి ఎత్తుతుంది.

నేను అప్పటిదాకా అప్పుని డబ్బు విషయంగానే చూశాను. అది వైద్యంలోకి ఏ దారిన వస్తుందో ఆ రాత్రి కొంచెం అర్థమైంది. స్పష్టంగా ఉన్న కేసుల్లోకి రాదు. మధ్యస్థంగా ఉన్నవాటిలోకి వస్తుంది. రోజూ వచ్చేవాటిలో అలాంటివి తక్కువేం కాదు.

తర్వాత చెల్లి చేసిన మార్పుల్లో నా స్ప్రెడ్‌షీట్ పాత్ర దాదాపు ఏమీ లేదు. ఆమె తన రిజిస్టరు తీసింది. ఆరు నెలల్లో 31 రూట్ కెనాల్స్ మొదలుపెడితే, 12 పూర్తికాలేదు. రోగులు మధ్యలో మానేశారు. ఎందుకంటే మొదటి సిట్టింగ్‌లోనే పన్ను తెరిచి, లోపల పాడైన నరం తీసి శుభ్రం చేస్తే నొప్పి పోతుంది. నొప్పి పోయాక పని అయిపోయిందనుకుంటారు. ఆమె మొదటి రోజు 500 తీసుకుని, మిగతా 3,000 చివర్లో అడిగేది. మొహమాటం. కానీ ఖర్చంతా మొదటి రోజే: ఎక్స్‌రేలు, మత్తు ఇంజక్షన్, లోపల గీకే ఫైళ్ళు, ఒకటిన్నర గంట సమయం. మధ్యలో ఆగిన పన్నుకి తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల్లో అరిగిపోతుంది, సందుల్లోంచి ఉమ్మి దిగి లోపల మళ్ళీ చీము పడుతుంది. లేదా బోలుగా ఉన్న పన్ను ఏ వేరుశనగ ముద్దో కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. అప్పుడిక పీకడమే. అంటే ఆమె మొహమాటం వల్ల ఇద్దరికీ నష్టమే.

ఇప్పుడు సగం మొదటి రోజే తీసుకుంటుంది. డబ్బు కట్టినవాళ్ళు రెండోసారి వస్తారు. క్యాపుకి కొలత తీసిన రోజే సగం తీసుకుంటుంది, ఎందుకంటే ఆ రోజునుంచే ల్యాబు బిల్లు మొదలవుతుంది. దీనివల్ల కొందరు లేచి వెళ్ళిపోయారు. నిజంగా లేనివాళ్ళకి ఒక నోటుపుస్తకం ఉంది. ‘మిరపకాయలు అమ్మాక’ అని రాసుకుంటుంది. ఎక్కువమంది తెచ్చిచ్చారు. ఒకాయన డబ్బుతోపాటు రెండు కిలోల ఎండుమిరపకాయలు కూడా తెచ్చాడు, మా ఇంట్లో ఆ ఏడు పచ్చళ్ళకి అవే.

ఇంకొకటి కూరగాయల బండి ఆమెని చూసి నేర్చుకుంది. ఆ బండామె డైలీ ఫైనాన్స్‌లో అప్పు తెచ్చి, రోజూ సాయంత్రం వందో రెండొందలో కడుతుంది. ఆ వడ్డీ ఘోరం, కానీ కట్టే పద్ధతి రోజువారీ సంపాదనకి సరిగ్గా సరిపోతుంది. చెల్లి ఇంకో ఖాతా తెరిచి, క్లినిక్ మూసే ముందు రోజూ 1,050 రూపాయలు అందులోకి పంపడం మొదలెట్టింది. నెలకి 26 పనిదినాలు, 27,300. పంపలేని రోజులుంటాయి. అవి వెంటనే తెలుస్తాయి, ఐదో తారీఖుకి మూడు వారాల ముందే. వారానికి రెండు సాయంత్రాలు గుంటూరు వెళ్ళి వేరే క్లినిక్‌లలో రూట్ కెనాల్స్ చేసి రావడం కూడా మొదలెట్టింది. కేసుకింత అని అప్పటికప్పుడు ఇస్తారు. గాజులు జూన్‌లో విడిపించింది.

మార్చిలో ఆదాయం 97 వేలు దాటగానే పాత డీలరు మళ్ళీ వచ్చాడు. ఈసారి దవడ మొత్తం ఒకే ఫోటోలో తీసే ఓపీజీ మెషీన్. 12 లక్షలు. “ఫైనాన్స్ కంపెనీ మాతో టై-అప్ మేడమ్, తొమ్మిది శాతమే, బ్యాంకు కంటే తక్కువ. ఐదేళ్ళు, నెలకి 29 వేలు. రోజుకి మూడు ఫోటోలు తీస్తే మెషీన్ దాని అప్పు అదే కట్టుకుంటుంది.” చెల్లి నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది: “పదకొండున్నర శాతానికి నేను 26,400 కడుతున్నా. అదే 12 లక్షలకి, అదే ఐదేళ్ళకి, తొమ్మిది శాతమైతే 29 వేలెలా అవుతుందన్నయ్యా?”

అవుతుంది, ఎందుకంటే అది ఫ్లాట్ రేటు. బ్యాంకు వడ్డీ మిగిలిన బాకీ మీద లెక్క. అప్పు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఫ్లాట్ అంటే, ఐదో ఏట బాకీ కొద్దిగానే మిగిలినా, వడ్డీ మాత్రం మొదటి రోజున్న 12 లక్షల మీదే. 12 లక్షలకి 9 శాతం చొప్పున ఐదేళ్ళకి 5 లక్షల 40 వేలు, అసలుతో కలిపి 17 లక్షల 40 వేలు, అరవైతో భాగిస్తే 29 వేలు. దీన్ని బ్యాంకు భాషలోకి మార్చడానికి స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క వరస చాలు:

```
=RATE(60,-29000,1200000)*12
```

15.7 శాతం చూపిస్తుంది. ఇదొక్కటే ఈ మొత్తం కథలో నేను సరిగ్గా చేసిన లెక్క.

అయితే చెల్లి ఆ మెషీన్ వద్దనుకున్నది వడ్డీ వల్ల కాదు. రోగులని ఓపీజీకి పక్క వీధి స్కాన్ సెంటరుకి పంపిస్తే వాళ్ళు 400 తీసుకుంటారు. 29 వేలు రావాలంటే నెలకి 73 ఫోటోలు కావాలి. రిజిస్టరు తీసి చూసింది. కిందటి నెలలో ఆమె నిజంగా అవసరమై రాసిచ్చినవి 11. “మిగతా 62 ఎవరికి తియ్యాలి అన్నయ్యా?” అంది. డీలరు లెక్కలో రోజుకి మూడు అన్నది ఒక అంచనా. మెషీన్ వచ్చాక అది రోజూ పొద్దున్నే ఆమె ముందుండే అవసరం అవుతుంది. జనవరి 4న ఒక్క పంటి దగ్గర జరిగింది, రోజుకి మూడుసార్లు.

రెండో కుర్చీ సంగతి చెప్పాలి. 2024 నవంబరు నుంచి గుంటూరు నుంచి పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టరమ్మగారు ఒకరు నెలకి రెండు ఆదివారాలు వస్తున్నారు. ఫీజులో సగం ఆవిడకి, సగం క్లినిక్‌కి. క్లిప్పుల ఫీజు నెలనెలా కొంచెం కొంచెం వస్తుంది కాబట్టి, గతుకుల్లో అదొక్కటే చదునైన రాబడి. మొదటి ఆదివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. దుప్పటి తీసి మడతపెట్టమని చెల్లి నాకే ఇచ్చింది. కుర్చీ బానే ఉంది కానీ, ఇన్నాళ్ళూ వాడక నీళ్ళ గొట్టంలో నాచు పట్టి వాసన వచ్చింది. మెకానిక్ వచ్చి గొట్టాలు మార్చడానికి 4,500 అయింది. అవి నేనిచ్చాను. ఆమె వద్దనలేదు.